నాలుగు తక్కువ పుస్తకం

రహస్యాన్ని కాపాడుకోవడానికి పూర్వం రాజులు కోటలు కట్టారు, కందకాలు తవ్వించారు, వాటిల్లో మొసళ్ళని పెంచారు. జగ్గయ్యపేటలో రత్నబాబు టీకి వెళ్ళేముందు నోటుబుక్కు బోర్లా పెట్టేవాడు. ఖర్చులో తేడా ఉంది గానీ ఉద్దేశంలో లేదు. ముప్పై ఒక్క ఏళ్ళపాటు, రోజుకి రెండు టీల చొప్పున, ఆదివారాలూ క్రిస్మస్సూ తీసేసినా, ఆ పుస్తకం పద్దెనిమిది వేల సార్లకు తక్కువ కాకుండా బోర్లా పడి ఉంటుంది. ఈ ఘట్టాన్ని ఏ చరిత్రకారుడూ నమోదు చెయ్యలేదు. అది వాళ్ళ అశ్రద్ధ.

పుస్తకంలో ఉన్నది మోటార్ల జాతకాలు. పొలం బోర్లలో వేసే మోటారు కాలిపోతే షాపుకొస్తుంది. లోపల కాలిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టాలి. ఏ కంపెనీ మోటారు, ఎన్ని హార్స్‌పవరు, తీగ కూర్చునే గాళ్ళు ఎన్ని, ఒక్కో గాడికి ఎన్ని చుట్లు, ఎంత లావు తీగ... ఈ లెక్క తెలిసినవాడు మెకానిక్కు, తెలియనివాడు తీగ దండగ చేసేవాడు. చుట్లు తగ్గితే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కి చస్తుంది. పెరిగితే నీళ్ళు ఎత్తలేక మూలుగుతుంది. పాత తీగ సరిగ్గా ఉంటే దాన్నే లెక్కపెట్టి అన్నే చుట్టొచ్చు. కానీ చాలా మోటార్లు అప్పటికే ఎవడో ఒకడు పీకి, తప్పు చుట్టి, మళ్ళీ కాల్చి తెస్తారు. అప్పుడు పుస్తకమే దిక్కు.

అందుకే యజమాని భవానీప్రసాద్ గారి నాన్న, ఆ షాపు పెట్టిన పెద్దాయన, మొదటిరోజే రత్నబాబుకి ఒక సూత్రం చెప్పాడు. "చుట్లు ఎన్ని ఉంటే అన్ని రాయబాకు. నాలుగు తక్కువ రాయి. చుట్టేటప్పుడు నాలుగు కలుపుకో. పుస్తకం దొంగిలించినోడు ఆ మోటార్లు కాల్చుకునే చస్తాడు."

బోర్లా పెట్టడం కోట గోడ అయితే, నాలుగు తక్కువ రాయడం లోపలి కందకం. ముప్పై ఒక్క ఏళ్ళు రత్నబాబు ముప్పై ఎనిమిది రాసి నలభై రెండు చుట్టాడు. కొంతకాలానికి ఆ కలపడం లెక్కగా కూడా తోచడం మానేసింది. ముప్పై ఎనిమిదిని చూస్తే కంటికి నలభై రెండే కనిపించేది, అలవాటైన ఇంట్లో చీకట్లో కూడా గుమ్మం తగలకుండా నడిచినట్టు.

ఆ పుస్తకం అతని సొంతం. షాపు మాత్రం కాదు. భుజం బాగున్నన్నాళ్ళూ సొంత షాపుకి అడ్వాన్సు కూడలేదు. అడ్వాన్సు కూడిన ఏడాదే భుజం పోయింది. గాళ్ళలోంచి తీగ లాగీ లాగీ కుడి భుజం చెయ్యెత్తితే చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాడిలా సగంలో ఆగిపోతోంది. డాక్టరు తీగ లాగొద్దన్నాడు. తీగ లాగకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు.

ఆ సంగతి కూతురు గ్రేసీ చెప్పింది. నందిగామలో ఒక నెట్ సెంటర్లో పనిచేస్తుంది, రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. "చేతులతో చుట్టొద్దన్నారు గానీ నాన్నా, నోటితో చుట్టొద్దన్లేదుగా. నీకు తెలిసింది వీడియోలు తీసి అమ్ముదాం."

"ఎవరికమ్మా? రైతులకా?"

"రైతు ఎందుకు కొంటాడు! చుట్టడం వచ్చి, లెక్క తెలియని కుర్ర మెకానిక్కులకి. ఊరికొకడున్నాడు. వాళ్ళే మనకి గిరాకీ."

రత్నబాబుకి ఇది తాళంచెవులు సంతలో పోసి అమ్మడంలా అనిపించింది. కానీ ఇంట్లో కూర్చున్న మగవాడిని భార్య సౌభాగ్యమ్మ మూడు నెలలుగా చూస్తోంది. ఆ చూపులో ఆంపియర్లు పెరుగుతున్నాయి. సరే అన్నాడు.

మొదటి వీడియో నలభై ఏడు నిమిషాలొచ్చింది. అందులో పదకొండు నిమిషాలు పెద్దాయన గొప్పతనం, ఆరు నిమిషాలు పక్కింటి కుక్క. గ్రేసీ కత్తిరించి తొమ్మిది నిమిషాలు మిగిల్చింది. ఫోను పట్టుకుని నిలబడి తీస్తే రత్నబాబు వీపే కనిపిస్తోందని, రెండు కుర్చీల మీద చీపురు అడ్డంగా పెట్టి, దానికి ఫోను కట్టి, పైనుంచి చేతులు మాత్రమే పడేట్టు తీసింది. మొహం ఎవరికీ అక్కర్లేదు, చేతులే కావాలంది. ముప్పై ఏళ్ళ అనుభవానికి ఇంత సూటి మెప్పు రత్నబాబు ఎన్నడూ వినలేదు.

అలా పద్నాలుగు పాఠాలు. వాటితో అరవై మోటార్ల లెక్కలున్న పుస్తకం, ఫోన్లో చదువుకునేట్టు. పని వచ్చినప్పుడు నింపుకోవడానికి ఒక ఖాళీ జాబుకార్డు. అన్నీ కలిపి మూడొందల నలభై తొమ్మిది. రెండు మోటార్ల లెక్కా ఒక పాఠమూ ఉచితం, రుచి చూడ్డానికి. ఇలాంటివి అమ్మిపెట్టే యాప్ ఒకటుంది. డబ్బు కట్టగానే ఫైలు దానంతటదే వెళుతుంది, ప్రతి పేజీ అడుగునా కొన్నవాడి ఫోన్ నంబరు సన్నగా పడుతుంది, ఇంకొకడికి పంపితే ఎవడు పంపాడో తెలియడానికి. చివరి పేజీలో రత్నబాబు నంబరు.

పుస్తకం కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు గ్రేసీ అడిగింది. "నాన్నా, నీ అక్షరాలు ఇలా ఉన్నాయేంటి? ఏమన్నా మార్చాలా?"

"ఏం మార్చొద్దు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించు" అన్నాడు రత్నబాబు, నిజాయితీపరుడి గంభీరంతో.

ఉన్నది ఉన్నట్టే ఎక్కింది.

ఐదు వారాల్లో నలభై ఒక్క మంది కొన్నారు. నందిగామ, వీరులపాడు, మధిర వైపు కొందరు, ఎక్కడో అనంతపురం నుంచి ఇద్దరు. అనంతపురం అన్న రోజు రత్నబాబు మ్యాపు తెప్పించుకుని చూశాడు.

ఆ గురువారం పొద్దున్న ఏడింటికి, టీ బంకు దగ్గర, భవానీప్రసాద్ వచ్చి రత్నబాబు భుజం మీద చెయ్యేశాడు. నొప్పి భుజమే. పాత యజమాని. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు, కానీ ఒకడు బల్లకి అవతలా ఒకడు ఇవతలా పెరిగారు.

"ఏవయ్యా రత్నబాబూ, పుస్తకం అచ్చేశావంట!"

రత్నబాబు చేతిలో గ్లాసు ఒలికింది. ఈ గంట కోసం ఐదు వారాలుగా జవాబు వండి పెట్టుకున్నాడు: అది నా పుస్తకం, నా చేత్తో లెక్కపెట్టినవి, షాపు పుస్తకం షాపులోనే ఉంది. "అయ్యా, అది నా..."

"నాకెందుకయ్యా, నీదే. మా వాళ్ళ గ్రూపులో ఎవడో పెడితే చూశా." ఫోన్ తీసి చూపించాడు. ఐదు హార్స్‌పవరు పేజీ. భవానీప్రసాద్ మొహంలో నిజమైన ఆనందం ఉంది. "చూసి ఎంత నవ్వుకున్నానో! నాలుగు తక్కువే ఉంచావే! మూడొందల యాభై వసూలు చేసి మరీ మోటార్లు కాల్పిస్తున్నావు. మా నాన్నుంటే నీకు సాలువా కప్పేవాడు."

కొన్ని మాటలు చెవిలోంచి కడుపులోకి దిగడానికి కొంత టైం పడుతుంది. రత్నబాబు ఆ పేజీ వైపు చూశాడు. నలభై రెండు కనిపించింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ముప్పై ఎనిమిది.

"ఏం పని చేశావ్, గట్టోడివి" అని భవానీప్రసాద్ ఇంకో టీ చెప్పాడు. రత్నబాబు జీవితంలో మొదటిసారి యజమాని డబ్బిచ్చిన టీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి గ్రేసీ బస్సుకి తయారవుతోంది. "అమ్మాయ్, కూర్చో. మోటార్లు కాల్తాయి."

"ఎక్కడ?"

"అనంతపురం దాకా."

విషయం తెలిసి గ్రేసీ భుజానున్న బ్యాగు దించింది. తర్వాత సెలవు పెడుతున్నట్టు ఓనరుకి మెసేజి పెట్టి, కంప్యూటరు తెరిచింది. "అరవై మోటార్లకీ నాలుగేనా?"

"నాలుగే. అన్నిటికీ."

"ఒక్కదానికీ తేడా లేదుగా?"

"పెద్దాయనకి అంత ఓపిక లేదమ్మా."

గంటలో కొత్త ఫైలు తయారైంది. యాప్‌లో పాతది తీసేసి కొత్తది పెట్టింది. కొన్నవాళ్ళందరికీ మెసేజి పంపాలి. గ్రేసీ టైపు చేస్తూ పైకి చదివింది. "పాత ఫైల్లో ప్రతి చోటా నాలుగు చుట్లు తక్కువ పడ్డాయి..."

"అది రాయబాకు!"

"ఏం రాయను మరి?"

"కొత్త ఫైలొచ్చింది, పాతది తీసేయండి, కొత్తదే వాడండి అను. కారణం వాళ్ళకెందుకు? నాలుగు సంగతి బయటపడితే..." అని ఆగిపోయాడు. బయటపడితే ఏమవుతుందో అతనికే తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళు కందకం తవ్వినవాడికి నీళ్ళు ఎందుకు పెట్టామో గుర్తుండదు.

"కారణం చెప్పకపోతే ఎవరు మారుస్తారు నాన్నా? నేనైతే మార్చను."

"నేను ఫోన్ చేస్తాగా. ఒక్కొక్కరికీ."

ఎనిమిదిన్నరకి మొదలెట్టాడు. ఫోన్ చెయ్యడం ఇంత కష్టమని అతనికి తెలియదు. ఎదుటివాడు ఎత్తేలోపు ప్రతిసారీ ఒక రైతు పొలంలో, ఒక మోటారు, ఒక పొగ కళ్ళముందు తిరిగేవి. మిర్చికి తడి కావాల్సిన రోజులు. రెండు రోజులు నీరాగితే పూత రాలుతుంది. ఆ రైతు మెకానిక్కుని తిడతాడు, మెకానిక్కు పుస్తకాన్ని తిడతాడు, పుస్తకం మీద పేరు రత్నబాబుది. ముప్పై ఒక్క ఏళ్ళుగా తను చుట్టిన మోటారు గ్యారంటీలోపల తిరిగి రాలేదు. పేటలో ఆ పేరొక్కటే అతనికున్న ఆస్తి. అది అరవై మోటార్లలో ఒకేసారి కాలబోతోంది.

"కొత్త ఫైలు చూశారా అండి? పాతదాన్నిబట్టి ఏమన్నా చుట్టారా?"

"ఇంకా చూళ్ళేదండి మాస్టారూ, టైం దొరకలా. చూస్తా." ఒకడు.

"పర్లేదండి, డౌటొస్తే మీకే ఫోన్ చేస్తా. పుస్తకమెక్కడ వెతుకుతాం, మీరున్నారుగా." ఇంకొకడు.

"చూద్దామనే ఉందండి." మూడోవాడు.

పదకొండు మంది, పదకొండు రకాల మర్యాదలు. మోటారు కాలినా పెద్దవాడి ముఖాన చెప్పలేక దాస్తున్నారని రత్నబాబుకి రూఢి అయ్యింది. ప్రతి మర్యాదకీ ఒక పొగ చేర్చుకున్నాడు.

అప్పుడు గ్రేసీ అడిగింది. "ప్రసాద్ గారి ఫోన్లో ఉన్న ఫైలు మన దగ్గర కొన్నది కాదుగా. పేజీ కింద నంబరు ఏముందో చూశావా?"

చూడలేదు. ఫోన్ చేసి అడిగితే భవానీప్రసాద్ ఇంకా నవ్వుతూనే అంకెలు చదివాడు. కొన్నవాళ్ళ జాబితాలో ఆ నంబరు వత్సవాయి ఊళ్ళో ఉండే సతీష్‌బాబుది. వాడు కొన్న ఫైలుని నందిగామ మెకానిక్కుల గ్రూపులో ఉచితంగా వడ్డించాడు. గ్రూపులో రెండొందల పన్నెండు మంది.

"కొన్న నలభై ఒక్కమందికైతే కొత్తది పంపాం" అంది గ్రేసీ నెమ్మదిగా. "ఊరికే అందుకున్న రెండొందల మందికి ఎలా పంపుతాం? వాళ్ళెవరో మనకి తెలియదుగా."

దొంగసొత్తు అనుభవించేవాడికి కూడా నష్టం రాకూడదని కోరుకోవాల్సి రావడం ఒక కొత్తరకం క్రైస్తవం. రత్నబాబు సతీష్‌బాబుకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. గ్రేసీ కొన్నవాళ్ళ కోసం తను పెట్టిన గ్రూపు తిరగేసి, ముందురోజు సాయంత్రం సతీష్‌బాబు పెట్టిన ఫొటో చూపించింది. కొత్త పసుపు తీగతో మెరుస్తున్న ఐదు హార్స్‌పవరు మోటారు. కింద రాసి ఉంది: "గురువుగారి డేటా. రేపు రత్తమ్మ గారి బోర్లో దించుతున్నాం." పక్కన చేతులు జోడించిన బొమ్మలు ఆరు.

"త్రీఫేజు కరెంటు అటు ఎన్నింటికొస్తుంది?" అన్నాడు రత్నబాబు.

"పదకొండింటికి" అంది లోపల్నుంచి సౌభాగ్యమ్మ. ఆమె పుట్టిల్లు అటే. "మా తమ్ముడు పదకొండుదాకా మంచమ్మీంచి లేవడు."

తొమ్మిదిన్నర దాటింది. రత్నబాబు టాంగ్ టెస్టరు సంచిలో వేసుకున్నాడు. తీగకి కొండిలా తగిలిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చెప్పే మీటరది, డాక్టరుకి మెడలో గొట్టంలాంటిది. టీవీఎస్ తన్నాడు. గ్రేసీ వెనకెక్కింది.

హైవే దాటేచోట సిమెంటు లారీలు. ఒకదాని వెనక ఒకటి, పెళ్ళి ఊరేగింపు వదిలేసి సామాను మాత్రం వస్తున్నట్టు. రత్నబాబు అర్ధగంట ఒక టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు. దించిన మోటారు మళ్ళీ పైకి లాగాలంటే రెండొందల అడుగుల పైపు విప్పాలి, నలుగురు మనుషులు, ఒక రోజు. కాలితే ఆ పైన తీగ ఖర్చు. అది ఎవడు పెట్టుకోవాలి? సతీష్‌బాబా? వాడు కొన్నది మూడొందల నలభై తొమ్మిదికి. "ప్రభువా, కరెంటు పోనీ" అని ప్రార్థించాడు రత్నబాబు. మామూలు రోజుల్లో పేటలో ఈ ప్రార్థన అక్కర్లేకుండానే నెరవేరుతుంది. ఆ రోజు మాత్రం వత్సవాయి వైపు వైర్లు నిటారుగా, ఆరోగ్యంగా ఉన్నాయి.

పొలం చేరేసరికి పదకొండుంపావు. దూరానికే నీళ్ళ చప్పుడు వినిపించింది. పైపు మూతిలోంచి నీరు లావుగా దూకుతోంది. గట్టు మీద రత్తమ్మ, నడుముకి కొంగు బిగించి, కాళ్ళు కాలవలో పెట్టుకుని కూర్చుంది. స్టార్టరు పెట్టె దగ్గర ముప్పై ఏళ్ళ సతీష్‌బాబు నిలబడ్డాడు, ఫోన్ జేబులో మోగుతున్నా వినపడని ఆనందంలో.

"గురువుగారూ! మీరొచ్చారా? ఫొటో చూశారా?"

"ఆపరా! ముందు మోటారాపు!"

"ఏంటి బాబూ, ఇప్పుడేగా వేసింది" అంది రత్తమ్మ. "నాలుగు రోజులుగా చేను నోరు తెరుచుకునుంది. ఆపితే నేనూరుకోను."

ఆపించే టైము లేదు. రత్నబాబు పెట్టె తెరిచి కొండీ తగిలించాడు. ముప్పై ఎనిమిది చుట్ల మోటారు ఎంత లాగుతుందో అతనికి మనసులో ఉంది. పన్నెండు, పదమూడు ఆంపియర్లు, ఆపైన పొగ.

ఎనిమిదిన్నర.

రెండో తీగ. ఎనిమిదిన్నర. మూడోది ఎనిమిది పాయింటు ఆరు. మీటరు తప్పేమోనని విదిలించి మళ్ళీ పెట్టాడు. ఎనిమిదిన్నర. మంచి మోటారు, ఆరోగ్యంగా, అచ్చం తను చుట్టినట్టు లాగుతోంది. అందుకని అతని భయం ఇంకా పెరిగింది. అర్థంకాని మంచి జరిగితే మెకానిక్కుకి నిద్రపట్టదు.

"ఎన్ని చుట్లు పెట్టావురా?"

"నలభై రెండండి."

"పుస్తకంలో ముప్పై ఎనిమిదుందిగా?"

"ఉంది. నాలుగు కలుపుకోవాలిగా." సతీష్‌బాబు అతని మొహం చూసి కాస్త తడబడ్డాడు. "పేట నోటుకి నాలుగు కలపాలి గదండి. నందిగామలో మా గురువు మొదటిరోజే చెప్పాడు. ఆయనకి మీ పెద్దాయన దగ్గర పనిచేసి మానేసినాయన చెప్పాడంట. ఎప్పట్నుంచో ఉందండి ఇది. అందరికీ తెలుసు."

"అందరికీ అంటే?"

"అంటే... చుట్టేవాళ్ళందరికీ. గ్రూపులో పెట్టినప్పుడు కూడా కింద రాశా, 'పేట లెక్క, ప్లస్ నాలుగు' అని." అప్పుడు గ్రూపులో పెట్టిన సంగతి నోరు జారినట్టు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. "అంటే, మనవాళ్ళే గదాని..."

రత్నబాబు గట్టు మీద రత్తమ్మ పక్కన కూలబడ్డాడు. పద్దెనిమిది వేల సార్లు బోర్లా పెట్టిన పుస్తకం. టీ చల్లారిపోతున్నా రెండోసారి వెనక్కెళ్ళి, బోర్లా ఉందో లేదో చూసొచ్చిన రోజులు. ఒకసారి వానలో.

"ఏమైంది బాబూ, నీరసమా? కాళ్ళు కాలవలో పెట్టు" అంది రత్తమ్మ. పెట్టాడు.

గ్రేసీ మాత్రం కూర్చోలేదు. "సతీష్ గారూ, పొద్దున పంపిన కొత్త ఫైలు చూశారా?"

"చూశానమ్మా! ఏడున్నర హార్సుది ఇంకో మోటారుంది షెడ్డులో. అందులో ముప్పై నాలుగుంది, నాలుగు కలిపి ముప్పై ఎనిమిది చుట్టమని మా బావమరిదికి చెప్పొచ్చా. పాత ఫైల్లో ముప్పైయ్యే ఉంది. కొత్తది ఏదో కొత్త మోడలు అనుకున్నా. మీరు కారణం రాయలేదుగా."

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాత ఫైలు తప్పు, దాన్ని సరిగ్గా చదివారు. కొత్త ఫైలు ఒప్పు, దాన్ని తప్పు చదవబోతున్నారు. రత్నబాబు పొద్దుట్నుంచీ పదకొండుమందికి ఫోన్ చేసి, బతికున్న మోటార్లని వెతికి వెతికి మూలిగించే ఏర్పాటు చేశాడు.

"ఫోన్ చెయ్యి! మీ బావమరిదికి!"

బావమరిది రెండు గాళ్ళు పూర్తి చేశాడు. విప్పమన్నారు. వాడు సతీష్‌బాబుని ఏమన్నాడో ఫోన్లోంచి గట్టు దాకా వినపడింది. ఆడవాళ్ళున్నారని తెలిస్తే అలా అనేవాడు కాదు. రత్తమ్మ మెచ్చుకోలుగా తలూపింది.

అక్కడే, గట్టు మీద నిలబడి, గ్రేసీ ఫోన్లో కొత్త మెసేజి టైపు చేసి తండ్రికి చూపించింది. ఈసారి రత్నబాబు చెప్పాడు, ఆమె రాసింది.

"మా షాపులో పూర్వం చుట్లు నాలుగు తక్కువ రాసే అలవాటుంది. మొదటి ఫైల్లో అలాగే పడ్డాయి, ఆ సంగతి మీకు చెప్పలేదు. అది నా తప్పు. రెండో ఫైల్లో అసలు లెక్క ఉంది. దానికి ఏమీ కలపొద్దు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పండి. పాత చుట్టు దొరికితే ముందు దాన్ని లెక్కపెట్టండి. సొంత పేరుతో, మేడిశెట్టి రత్నబాబు, జగ్గయ్యపేట."

"చివర 'పేట లెక్క కాదు' అని కూడా పెట్టమంటారా?" అన్నాడు సతీష్‌బాబు సాయపడబోతూ.

"నువ్వు నోర్ముయ్యి. నువ్వు ఆ గ్రూపులో కూడా ఇది పెట్టు. ఉచితంగా."

మెసేజి పంపడానికి రత్నబాబు వేలు ఒక నిమిషం ఆగింది. పంపితే నాలుగు పోతుంది. పెద్దాయన, ఆయన షాపు, ముప్పై ఒక్క ఏళ్ళ కందకం. అప్పటికే నీళ్ళు లేని కందకమని ఇందాకే తెలిసినా, పూడ్చడం పూడ్చడమే. నొక్కాడు.

తర్వాత మళ్ళీ ఫోన్లు. ఇప్పుడు నలభై మందికీ. మధ్యాహ్నమంతా రత్తమ్మ పంపుషెడ్డు నీడలో కూర్చుని, గొంతు రాసుకుపోయేదాకా చెప్పాడు. "కలపొద్దండి. కలపొద్దు. అవునండి, నాకు తెలుసు అందరూ కలుపుతారని. ఇప్పుడు కలపొద్దు." అనంతపురం వాళ్ళకి అసలు ఏం కలపాలో తెలియదు. వాళ్ళకి మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది. వాళ్ళు విని, "మాకు పాత ఫైలే వచ్చిందా అండి? చూసి చెప్తాం" అన్నారు, చాలా వినయంగా. వాళ్ళ వినయం కూడా పొగలాగే తోచింది రత్నబాబుకి. పాత ఫైలు నమ్మి, ఏమీ కలపకుండా చుట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళే.

"నిజం చెప్పండి బాబూ. చుట్టారా, లేదా? కాలితే కాలిందనండి. తీగ డబ్బు నేనిస్తా."

"అయ్యో, లేదండి. నిజంగానే ఇంకా..." అని నసిగారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సౌభాగ్యమ్మ అన్నం పెట్టింది, ఏమీ అడగలేదు. ఆమె అడగలేదంటే విషయం ఆమె తమ్ముడి ద్వారా ముందే వచ్చేసిందన్నమాట. రత్నబాబు నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగాడు.

గ్రేసీ యాప్ తెరిచి పాత ఫైలు పూర్తిగా చెరిపేస్తోంది. అమ్మకాల పేజీ ఒకటే ఆమె ఇన్నాళ్ళూ చూసేది. చెరిపే బటను ఇంకో పేజీలో ఉంది. ఆ పేజీలో ఒక వరస అంకెలు కనిపించి, కళ్ళజోడు సర్దుకుంది.

"నాన్నా, ఇటు రా. ఫైలు ఎవరు ఎన్నిసార్లు తెరిచారో ఇక్కడ చూపిస్తోంది."

రత్నబాబు వెళ్ళి కూర్చున్నాడు. నోటుబుక్కు అలమరలో ఉంది, వెల్లకిలా.

పుస్తకం కొన్నవాళ్ళు నలభై ఒక్కరు. ఐదు వారాల్లో దాన్ని తెరిచినవాళ్ళు ఇద్దరు. ఒకడు సతీష్‌బాబు. రెండోది, ఫైలు సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకున్న గ్రేసీ.